‘పెళ్లికి ముందు’ అంటే ఎప్పుడు? ఒక డిపాజిట్ ఈమెయిల్ కేస్ స్టడీ

బెంగళూరు మారతహళ్లిలో మా స్టూడియో. పని ఎక్కువగా తెలుగు పెళ్లిళ్లది. కెమెరా పనిలో చేసిన తప్పులు నాకు త్వరగానే తెలిసివచ్చాయి, ఫొటో చూస్తే తెలిసిపోతుంది కదా. రాతలో చేసిన తప్పు మాత్రం కొన్నేళ్లు కనిపించలేదు. అది బయటపడింది ఒక మాఘమాసం పెళ్లి దగ్గర, డిపాజిట్ గుర్తుచేస్తూ పంపిన ఈమెయిల్ వల్ల. ఆ పెళ్లివారి అనుమతితో, వాళ్ల పేర్లు లేకుండా ఆ వ్యవహారమంతా ఇక్కడ రాస్తున్నాను. అంకెలు, తేదీలు ఉన్నవి ఉన్నట్టే.

పెళ్లి ఫిబ్రవరి 13న, జయనగర్‌లో ఒక కల్యాణమంటపంలో. అమ్మాయి వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తండ్రి హిందూపురంలో ఉపాధ్యాయుడిగా చేసి విరమించారు. అక్టోబరులో స్టూడియోకు వచ్చి, ఆల్బములు చూసి, 1,80,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. అందులో 54,000 బుకింగ్ డిపాజిట్, పెళ్లికి ముందురోజు 72,000, ఆల్బమ్ ప్రూఫ్ చూపించాక మిగిలిన 54,000. ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డిపాజిట్ మాత్రం ఆ రోజు తీసుకోలేదు. ‘రెండు రోజుల్లో వేస్తాం’ అన్నారు, సరేనన్నాను. మొదటి తప్పు అదే, కానీ అది అందరూ చేసేదే కనుక దాన్ని వదిలేస్తాను.

అసలు తప్పు ఒప్పందంలో ఉంది. డిపాజిట్ గడువు దగ్గర నేను రాసుకున్న వాక్యం ఇది: ‘బుకింగ్ డిపాజిట్ ఈవెంట్ తేదీకి ముందు చెల్లించాలి.’ ఎక్కడో చూసి రాసుకున్న వాక్యం, అన్ని ఒప్పందాల్లోనూ అదే ఉండేది. డిసెంబరు 12 నాటికీ డబ్బు రాకపోయేసరికి ఈ మెయిల్ పంపాను:

‘నమస్కారం. మీ బుకింగ్ డిపాజిట్ ఇంకా అందలేదు. ఈవెంట్ తేదీకి ముందు చెల్లించవలసిందిగా కోరుతున్నాము. చెల్లించని పక్షంలో బుకింగ్ రద్దు చేయు హక్కు మాకు కలదు. డిపాజిట్ ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు.’

అమ్మాయి నుంచి గంటలోపే ఒక్క ముక్క జవాబు వచ్చింది: ‘తప్పకుండా సార్, పెళ్లిలోపు ఇచ్చేస్తాం.’ సాయంత్రం తండ్రి ఫోన్ చేశారు. ఆయన గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువ. ‘బాబూ, శుభమా అని లగ్నపత్రిక రాసుకున్నాం. మీరేమో రద్దు, పక్షం, హక్కు అంటూ కోర్టు నోటీసు పంపించారు. మీ డబ్బు మేము ఎగ్గొడతామా?’ క్షమించమని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఎప్పుడు ఇస్తారని మాత్రం అడగలేకపోయాను. అడిగే వీలు ఆ మెయిలే లేకుండా చేసింది.

అమ్మాయి ఇచ్చిన ఆ జవాబును ఇప్పుడు చూస్తే నాకు చాలా విషయాలు కనిపిస్తాయి. ‘ఇస్తాం’ అన్నారు, తేదీ లేదు. గుర్తుచేసిన మెయిల్‌కు తేదీ లేని జవాబు వచ్చిందంటే లోపం నా మెయిల్‌లోనే ఉందని ఇప్పుడు నేను లెక్కవేస్తాను. ‘ఈవెంట్ తేదీకి ముందు’ అని నేను రాసినప్పుడు నా మనసులో ఉన్నది ‘కనీసం నెలన్నర ముందు’. అమ్మాయి తండ్రి చదివింది ‘ఫిబ్రవరి 12 రాత్రి దాకా ఎప్పుడైనా’. పెళ్లి ఇంట్లో డబ్బు ఎలా కదులుతుందో తెలిసినవాళ్లకు ఆయన చదివిన తీరే సరైనదని తెలుస్తుంది. మంటపానికి, బంగారానికి, చీరలకు ముందు పోతుంది. ఫొటోలవాడికి, సన్నాయి మేళానికి, పూలవాడికి చివరి వారంలో.

నాకు డబ్బు ముందే ఎందుకు కావాలో కూడా ఆ మెయిల్‌లో లేదు. ఇంత పెళ్లికి నేనొక్కడినే సరిపోను. క్యాండిడ్ ఫొటోలు తీసే అతనికి 12,000, వీడియో అతనికి 8,000 జనవరి మొదటి వారంలో ముట్టజెబితేనే ఆ తేదీ నాకోసం ఆపుతారు. మాఘమాసం ముహూర్తాల్లో మంచి వీడియో మనిషి దొరకడం కల్యాణమంటపం దొరకడమంత కష్టం. ఆ 20,000 నా జేబులోంచి పెడితే, ఆపైన పెళ్లి ఆగిపోతే, నష్టం నాదే.

డిసెంబరు 26న అదే ఫిబ్రవరి 13కు ఇంకో కుటుంబం అడిగింది. మొత్తం డబ్బులో సగం అప్పటికప్పుడే ఇస్తామన్నారు. డిపాజిట్ ఇవ్వని బుకింగ్‌ను వదిలేసి వీళ్లను తీసుకుందామా అనిపించింది, నిజమే చెప్తున్నాను. మాకు తెలిసిన ఒక న్యాయవాదికి ఒప్పందం చూపించాను. ఆయన ఆ ఒక్క వాక్యం మీద వేలు పెట్టి అడిగారు: ‘ఇవాళ వాళ్లు ఏ మాట తప్పారు?’ నా దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరి 12 దాటేదాకా వాళ్లు గడువు దాటినట్టు కాదు. ఆలోపు ఆ తేదీని నేను ఇంకొకరికి ఇస్తే ఒప్పందం తప్పింది నేనవుతాను. రద్దు చేసే హక్కు కలదని దర్జాగా రాసుకున్నాను గానీ, ఆ హక్కు పెళ్లి రోజు పొద్దున పుడుతుంది. అప్పటికి దానితో ఏం చేసుకోను?

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. గడువు జనవరికి మారుస్తున్నానని నేనొక్కడినే మెయిల్ కొడితే అది మారదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 62వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని మార్చాలంటే రెండు వైపులా ఒప్పుకోవాలి. కాబట్టి ఈసారి పంపేది కేవలం గుర్తుచేసే మెయిల్ కాదు, వాళ్లు ఒప్పుకోవలసిన ప్రతిపాదన. ఒప్పుకోవాలంటే అందులో వాళ్లకూ ఏదో ఒకటి ఉండాలి.

వాళ్లకు ఇవ్వగలిగింది ఏమిటా అని చూస్తే నా పాత షరతే దొరికింది. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అన్న మాటకు నేననుకున్నంత బలం లేదు. అదే చట్టంలోని 74వ సెక్షన్ కింద, ఒప్పందం తప్పితే ఇంత అని ముందే రాసుకున్నా, దక్కేది న్యాయమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో, నష్టమే జరగనప్పుడు బయానాగా ముందు తీసుకున్న సొమ్ము జప్తు చేసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకి చెప్పింది. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది: పెళ్లి ఆగిపోయి, అదే రోజుకు నాకు ఇంకో పని దొరికి, నేను ఎవరికీ ముందు డబ్బు ఇవ్వకుండా ఉంటే, ఆ 54,000 పట్టుకుని కూర్చోవడానికి నా దగ్గర గట్టి కారణం ఉండదు. పట్టుకోగలిగినంత మాత్రమే షరతులో రాస్తే, వాళ్లకు అది మేలు, నాకు అది నిలబడే షరతు.

మాటల విషయంలో బెంగళూరుది ఒక ప్రత్యేకమైన చిక్కు. ఇక్కడ ‘అడ్వాన్స్’ అన్నా, ‘డిపాజిట్’ అన్నా ముందు గుర్తొచ్చేది ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు ఓనరుకు ఇచ్చేది. నెలల అద్దె ఒక్కసారిగా ఇస్తాం, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు తీసుకుని మిగతాది తిరిగి ఇస్తారు. అంటే ఈ ఊరి చెవికి డిపాజిట్ అనేది తిరిగివచ్చే సొమ్ము, అద్దెలో కలవని సొమ్ము. అమ్మాయి తర్వాత నాతో అన్నది, 1,80,000 కాక 54,000 విడిగా కట్టాలేమో, పని అయ్యాక ఇస్తారేమో అని వాళ్ల నాన్న కొన్నాళ్లు అనుకున్నారట! ఆ మాట వాడకుండా ‘బయానా’ అని రాద్దామనుకున్నాను. ఇక్కడ పుట్టిపెరిగిన పిల్లలకు అది అర్థం కాదు. చివరకు డిపాజిట్ అనే రాసి, పక్కనే ఒక వాక్యంలో అదేమిటో చెప్పాను.

డిసెంబరు 27న పంపిన మెయిల్ మొత్తం ఇది. సబ్జెక్ట్ వరుసతో సహా.

‘సబ్జెక్ట్: ఫిబ్రవరి 13 పెళ్లి ఫొటోలు – డిపాజిట్ రూ. 54,000 – జనవరి 5 సాయంత్రం 6 గంటలలోపు

మాస్టారికి, అమ్మాయికి నమస్కారం. పెళ్లి పనులు బాగా సాగుతున్నాయని తలుస్తాను.

ఫిబ్రవరి 13ను అక్టోబరు నుంచి మీకోసమే ఉంచాను. ఆ రోజు నాతో వచ్చే ఇద్దరికి జనవరి 6న 20,000 ఇచ్చి వాళ్ల తేదీ ఖాయం చేసుకోవాలి. అందుకని 54,000 డిపాజిట్ జనవరి 5 సాయంత్రం 6 గంటలలోపు పంపగలరా? ఇది మనం అనుకున్న 1,80,000లో భాగమే, విడిగా కట్టేది కాదు. ఇంటి అడ్వాన్స్‌లా చివర తిరిగి ఇచ్చేది కూడా కాదు. ఇది పోను మిగిలేది 1,26,000.

ఒప్పందంలో గడువు “ఈవెంట్ తేదీకి ముందు” అని మాత్రమే రాశాను. అది నా పొరపాటు. జనవరి 5కు మీరు ఒప్పుకుంటే, ఆ రోజుకు డబ్బు అందకపోతే 6 గంటల తర్వాత మీకు ఒకసారి ఫోన్ చేస్తాను. మర్నాడు మధ్యాహ్నానికి కూడా అందకపోతే ఆ తేదీ అడుగుతున్న వేరొకరికి ఇస్తాను. అప్పుడు మీరు నాకు ఇవ్వవలసింది ఏమీ ఉండదు.

ముహూర్తం మారితే: ఆగస్టు 13లోపు మీరు చెప్పే కొత్త తేదీ నాకు ఖాళీ ఉంటే డిపాజిట్ ఆ తేదీకి మారుతుంది. నాతో వచ్చేవాళ్లు తిరిగి ఇవ్వని డబ్బు ఏదైనా ఉంటే అంతవరకే తగ్గుతుంది, రసీదు చూపిస్తాను.

మీవైపు నుంచి కార్యక్రమం వద్దనుకుంటే: జనవరి 14లోపు చెప్తే 15,000 ఉంచుకుని 39,000 తిరిగి పంపుతాను. జనవరి 15 నుంచి చెప్తే డిపాజిట్ నా దగ్గర ఉంటుంది. కానీ ఆ రోజుకు నాకు వేరే పని దొరికితే, నేను అప్పటికే ఇచ్చేసి తిరిగి రాని డబ్బు మాత్రం ఉంచుకుని మిగతాది ఇస్తాను.

నావైపు నుంచి రాలేకపోతే: మీరిచ్చినదంతా 7 రోజుల్లో తిరిగి ఇస్తాను.

ఒప్పందంలోని “ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు” అన్న వాక్యం బదులు ఇవి ఉంటాయి. మీకు సమ్మతమైతే “అంగీకారం” అని ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి. డబ్బు ఒప్పందంలో ఉన్న ఖాతాకే పంపండి. వేరే ఖాతా నంబరు ఏదైనా నా పేరుతో వస్తే పంపకుండా నాకు ఫోన్ చేయండి.’

ఈ మెయిల్ పొడుగైంది. గుర్తుచేసే మెయిల్ మూడు వాక్యాలకు మించకూడదనేవాళ్లున్నారు, ఒప్పందం సరిగా ఉన్నచోట నేనూ అదే అంటాను. ఇక్కడ పొడుగు నా పాత వాక్యానికి కట్టిన జరిమానా.

రోజుల లెక్కకు బదులు తేదీలు రాయడం గురించి ఒక మాట. ‘30 రోజుల ముందు’ అని రాస్తే పెళ్లిరోజును కలిపి లెక్కపెట్టాలా వద్దా అని ఒక వాదన, నెలకు 31 రోజులుంటే ఇంకో వాదన. ఫిబ్రవరి 13 నుంచి 30 రోజులు వెనక్కి వెళ్తే జనవరి 14. ఆ లెక్క నేనే వేసి తేదీ రాసేస్తే వాదనకు చోటుండదు. శాతాల సంగతీ అంతే. ‘30 శాతం’ అంటే పెద్దాయన కాగితం కలం తీసుకోవాలి, ‘54,000’ అంటే అక్కరలేదు.

15,000 ఎక్కడ నుంచి వచ్చిందని అమ్మాయి అడిగింది. అడగవలసిన ప్రశ్నే. క్యాండిడ్ అతను నెల ముందు చెప్తే తన 12,000లో సగం తిరిగి ఇస్తాడు, అంటే 6,000 పోతుంది. వీడియో అతను ఏమీ ఇవ్వడు, 8,000. ఈ రెండూ కలిపి 14,000, పైన వెయ్యి ఒకసారి మంటపం చూసి వచ్చిన ఖర్చు. ఇలా విడగొట్టి చెప్పలేని అంకె షరతుల్లో పెట్టకూడదని అప్పటి నుంచి నా నియమం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా, అవతలివాళ్ల నష్టానికి పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది.

‘రద్దు’ అన్న మాట మెయిల్‌లో ఎక్కడా లేదని గమనించే ఉంటారు. పెద్దాయన మనసు కష్టపడుతుందని మాత్రమే కాదు. ఆ మాట రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తుంది. నేను తేదీ వదిలేయడం ఒకటి, వాళ్లు పెళ్లి ఆపుకోవడం ఇంకొకటి. పాత మెయిల్‌లో మొదటిదానికి ఆ మాట వాడాను, ఆయనకు రెండోదే వినిపించింది. అందుకే ముహూర్తం మారడాన్ని ముందు పెట్టాను. నేను చూసినంతలో పెళ్లిళ్లు ఆగిపోవడం అరుదు, తేదీ మారడం మామూలు.

28న ‘అంగీకారం’ అని అమ్మాయి జవాబిచ్చింది, తండ్రి మెయిల్‌ను కూడా చేర్చి. జనవరి 4న యూపీఐలో 54,000 వచ్చింది. అందినట్టు, మిగిలింది 1,26,000 అని ఆ మెయిల్ కిందే రసీదు పంపాను. డిసెంబరు 26న అడిగిన కుటుంబానికి ఇక కుదరదని చెప్పాను. జనవరి 6న ఇద్దరికీ 20,000 ఇచ్చాను.

జనవరి 20న అమ్మాయి నానమ్మ పోయారు.

రెండు రోజులు నేను ఏమీ అడగలేదు. మూడో రోజు తండ్రే ఫోన్ చేసి, ఇంటి పెద్దలు వైశాఖంలో పెట్టుకుందామన్నారని, మే 8 అనుకుంటున్నామని చెప్పారు. ఆ తేదీ నాకు ఖాళీయే. క్యాండిడ్ అతను తన 12,000ను మే 8కి మార్చుకున్నాడు. వీడియో అతనికి ఆ రోజు వేరే పెళ్లి ఉంది, 8,000 తిరిగి ఇవ్వనన్నాడు. అతనితో నాకు రాతకోతలేవీ లేవు, నోటిమాటే. క్లయింటుతో ఇంత పద్ధతిగా మాట్లాడిన నేను నా మనిషి దగ్గర ఒక్క వాక్యం రాయించుకోలేదు. ఆ 8,000 పంపినప్పటి స్క్రీన్‌షాట్, తిరిగి ఇవ్వనన్న అతని సందేశం రెండూ మాస్టారికి పంపి, డిపాజిట్‌లో 46,000 మే 8కి మారిందని రాశాను. ఆయన ‘సరే బాబూ’ అన్నారు, అంతే. మొదటి మెయిల్‌కు అంత బాధపడిన మనిషి ఎనిమిది వేల నష్టం దగ్గర ఒక్క ప్రశ్న వేయలేదు.

తర్వాత ఒక చిక్కు వచ్చింది. ఫిబ్రవరి 8న, అదే 13వ తేదీకి మా పేటలోనే ఒక ఓణీల వేడుక దొరికింది. ఫొటోలు మాత్రమే, 35,000. తేదీ అమ్ముడుపోయింది కదా, ఆ 8,000 తిరిగి ఇవ్వాలా? నా షరతు ప్రకారం, వేరే పని దొరికినా తిరిగిరాని డబ్బు నేను ఉంచుకోవచ్చు. కానీ ఆ వాక్యం ఉన్నది కార్యక్రమం వద్దనుకున్న చోట, ముహూర్తం మారిన చోట కాదు. న్యాయవాదిని మళ్లీ అడిగాను. ఓణీల వేడుకకు వీడియో లేదు కనుక ఆ 8,000 నష్టం నష్టంగానే ఉంది, దాని మీద వేరే లాభం రాలేదు, ఉంచుకోవచ్చన్నారు. ఉంచుకున్నాను. ఇచ్చేస్తే మంచి పేరు వచ్చేదని మా ఆవిడ అంది. డబ్బు నా దగ్గర మిగిలి ఉంటే ఇచ్చేవాడినే, అది వీడియో అతని దగ్గర ఉంది. ఓణీల వేడుక సంగతి మాత్రం మాస్టారికి దాచకుండా చెప్పాను.

జీఎస్టీ గురించి అడుగుతారు కనుక రెండు మాటలు. నా ఏడాది వసూళ్లు 20 లక్షలలోపే కనుక అప్పటికి నాకు రిజిస్ట్రేషన్ లేదు. ఉన్నవాళ్లు డిపాజిట్ అంకె పక్కన 18 శాతం పన్నుతో ఎంతవుతుందో రాయాలి, ఎందుకంటే సేవలకు ముందుగా తీసుకున్న డబ్బు మీద పన్ను అందిన రోజే లెక్కకు వస్తుంది. 54,000 అని గుర్తుచేసి, తర్వాత 63,720 అంటే మళ్లీ అదే ఫోన్ వస్తుంది.

ఒప్పందం మార్చాను. ‘ఈవెంట్ తేదీకి ముందు’ అన్న ముక్క తీసేసి అక్కడ ఖాళీ గడి పెట్టాను, సంతకం రోజునే తేదీ, గంట చేత్తో నింపుతాం. వేరే పని దొరికితే ఏం చేయాలన్న వాక్యం ముహూర్తం మారిన చోట కూడా చేరింది. గుర్తుచేసే మెయిల్ ఇప్పుడు మూడు వాక్యాలు: ఎంత, ఏ రోజు ఎన్ని గంటలలోపు, షరతులు ఒప్పందం రెండో పేజీలో ఉన్నాయి. గడువుకు వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి పంపుతాను. క్యాండిడ్ అతనితోనూ, కొత్త వీడియో అతనితోనూ ముహూర్తం మారితే డబ్బు కొత్త తేదీకి మారేలా వాట్సాప్‌లో ఒక సందేశం రాయించుకుంటున్నాను. వాళ్లలో ఒకతను ‘నా మీద నమ్మకం లేదా అన్నా?’ అన్నాడు. డిసెంబరులో మాస్టారు ఫోన్‌లో నాతో అన్న మాటా ఇంచుమించు అదే.